గెస్టాల్ట్ సూత్రాలు, డెప్త్ క్యూలు: హాస్టల్ గదిలో చేసి చూసే ప్రయోగాలు

ప్రశ్న: "నేను హైదరాబాద్‌లో బీఏ సైకాలజీ రెండో సంవత్సరం. గెస్టాల్ట్ సూత్రాలు, డెప్త్ క్యూలు రెండూ బట్టీ పట్టాను గానీ, వాటికి ఒకదానితో ఒకటి సంబంధం ఏంటో అర్థం కాలేదు. ముందు ఏది జరుగుతుంది? పరికరాలేం లేకుండా హాస్టల్ రూమ్‌లో చేసి చూపించే డెమోలు చెప్తారా? ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి, టెన్షన్‌గా ఉంది."

సమాధానం:

ముందు సూటిగా చెప్పేస్తాను. గెస్టాల్ట్ సూత్రాలు "ఏది దేనితో కలిసి ఒక గుంపు" అనేది తేలుస్తాయి. డెప్త్ క్యూలు "ఏది ముందు, ఏది వెనక, ఎంత దూరం" అనేది తేలుస్తాయి. పాఠ్యపుస్తకంలో గెస్టాల్ట్ ముందు వస్తుంది, డెప్త్ తర్వాత వస్తుంది కాబట్టి కంటి వెనకాల కూడా అదే వరసలో జరుగుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. చుక్కలు దగ్గరగా ఉన్నాయి కాబట్టి గుంపు కడతాం అన్నప్పుడు, ఆ దగ్గరతనం చాలాసార్లు రెటీనా మీద కొలిచింది కాదు, లోతు లెక్కలోకి వచ్చాక మనకు కనిపించే దగ్గరతనం. అంటే గుంపు కట్టేసరికే లోతు పని కొంతైనా అయిపోయి ఉండాలి. ఈ మాటను మీరు బొట్టు బిళ్ళలతో రుజువు చేసి చూపించొచ్చు.

నేను సిటీలోనే డిగ్రీ పిల్లలకు సైకాలజీ ప్రాక్టికల్స్ చేయిస్తుంటాను. అందుకని సిద్ధాంతం తక్కువ చెప్పి, చేతులతో చేసేది ఎక్కువ చెప్తాను.

మాక్స్ వెర్ట్‌హైమర్ 1923లో రాసిన వ్యాసంలో చూపించినవి చాలా వరకు కాగితం మీద చుక్కలూ గీతలే. చుక్కల మధ్య ఎడం ఒకవైపు తక్కువ, ఇంకోవైపు ఎక్కువ పెడితే, తక్కువ ఎడం ఉన్న వైపు వరసలు కట్టినట్టు కనిపిస్తాయి. దీన్నే ప్రాక్సిమిటీ అంటాం. కాగితం మీద ఒక చిక్కు ఉంది. కాగితాన్ని ఎదురుగా పెట్టుకుని చూస్తే, కాగితం మీది ఎడాలు ఏ నిష్పత్తిలో ఉన్నాయో కంట్లో పడే బొమ్మలోనూ అదే నిష్పత్తిలో ఉంటాయి. అప్పుడు మెదడు దేన్ని లెక్కలోకి తీసుకుందో తేల్చే దారి లేదు. 1964లో ఇర్విన్ రాక్, బ్రోస్గోల్ ఈ రెండింటినీ విడదీశారు. చీకటి గదిలో వెలిగే పూసలను వరసలుగా కట్టి, ఆ చట్రాన్ని ఏటవాలుగా తిప్పారు. తిప్పేసరికి కంట్లో పడే బొమ్మలో అడ్డు ఎడం కుంచించుకుపోయి, నిలువు ఎడం కంటే చిన్నదైపోయింది. ఏటవాలును సరిగ్గా చూడగలిగినవాళ్ళకు మాత్రం పూసలు నిలువు వరసల్లోనే కనిపించాయి. అసలు పూసలు దగ్గరగా ఉన్నది నిలువుగానే.

దీన్నే మనం చేద్దాం.

బొట్టు బిళ్ళల ప్రయోగం

కావలసినవి: నల్ల చార్టు ముక్క, దాని వెనక అంటించడానికి గట్టి అట్ట, తెల్లవో లేత పసుపువో చిన్న స్టిక్కర్ బొట్లు 36, స్కేలు, ప్రొట్రాక్టర్, ఫోను. బొట్లు ఎంత చిన్నవైతే అంత మంచిది, 3 మిల్లీమీటర్లవి దొరికితే చాలు. కోఠీలోనో, మీ వీధి చివర ఫ్యాన్సీ షాపులోనో అడగండి. తెల్లవి లేవంటే పంచింగ్ మెషిన్‌లో రాలిన తెల్ల కాగితపు చుక్కలు అంటించినా పనవుతుంది.

చార్టు మీద ఆరు అడ్డు వరసలు, ఆరు నిలువు వరసలు వచ్చేలా పెన్సిల్ గుర్తులు పెట్టండి. పైనుంచి కిందకు చుక్కకూ చుక్కకూ మధ్య 2 సెంటీమీటర్లు, పక్కపక్కన 2.5 సెంటీమీటర్లు. అంటించాక ఎదురుగా పట్టుకుని చూడండి. నిలువు వరసలు కనిపిస్తాయి. ఇక్కడ చిన్న ఎడాన్ని పెద్ద ఎడంతో భాగిస్తే 0.8 వస్తుంది. ఈ సంఖ్య గుర్తుంచుకోండి.

ఇప్పుడు టేబుల్ మీద, చూసే మనిషికి ఎదురుగా ఒక అడ్డగీత గీయండి. ప్రొట్రాక్టర్‌తో ఆ గీతకు 50 డిగ్రీల్లో ఇంకో గీత గీసి, అట్టను ఆ రెండో గీత మీద నిటారుగా నిలబెట్టండి. అంటే అట్ట ఒక పక్క అంచు మీకు దగ్గరగా, రెండో అంచు దూరంగా ఉంటుంది. పైకీ కిందకీ వాలకూడదు. చూసేవాళ్ళు మీటరున్నర దూరంలో, చుక్కల ఎత్తుకు కళ్ళు వచ్చేలా కూర్చోవాలి.

లెక్క చూడండి. తిప్పడం వల్ల నిలువు ఎడం మారదు, అది 2గానే ఉంటుంది. అడ్డు ఎడం 2.5 కాస్తా కంటికి 2.5 × cos 50° అవుతుంది, అంటే దాదాపు 1.6. ఇప్పుడు 1.6ని 2తో భాగిస్తే మళ్ళీ 0.8. మొదట నిలువు వరసల వైపు ఎంత మొగ్గు ఉందో, ఇప్పుడు కంట్లోని బొమ్మలో అడ్డు వరసల వైపు అంతే మొగ్గు ఉంది. మెదడు రెటీనా మీది ఎడాన్నే వాడుకుంటుంటే, ఇప్పుడు అడ్డు వరసలు కనిపించాలి.

రెండు కళ్ళతో చూడండి. వెలుతురున్న గదిలో చాలామందికి నిలువు వరసలే కనిపిస్తాయి.

ఇప్పుడు అదే చోట, అదే ఎత్తులో ఫోను పెట్టి ఫోటో తీయండి. ఫోటోలో అట్ట అంచులు, టేబుల్, గోడ ఏవీ లేకుండా చుక్కల వరకే కత్తిరించండి. ఫోటోను ఎదురుగా, తిన్నగా పెట్టి, ఇంతవరకూ అట్టను చూడని రూమ్మేట్‌కు చూపించండి. అడ్డు వరసలని చెప్పే అవకాశం ఎక్కువ. కంట్లో పడ్డ బొమ్మా, ఫోటోలో పడ్డ బొమ్మా ఆకారంలో దాదాపు ఒక్కటే. తేడా అల్లా, ఫోటో చూసేవాళ్ళకు అట్ట ఏటవాలుగా ఉందని చెప్పే ఆధారాలు చాలావరకు పోయాయి. రెండు కళ్ళకూ వేర్వేరు బొమ్మలు అందడం లేదు. తల కదిపినా చుక్కలు ఒకదాని మీదుగా ఒకటి జరగవు. అట్ట అంచు ఒకవైపు పెద్దగా, ఒకవైపు చిన్నగా కనిపించడమూ లేదు.

ఇది ఎక్కడ చెడిపోతుందో కూడా చెప్తాను, ఎందుకంటే ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు "సార్, రావట్లేదు" అంటారు.

చాలాసార్లు అట్టను ఎక్కువ తిప్పడమే కారణం. 60, 65 డిగ్రీలు తిప్పితే రెండు కళ్ళతో చూసేవాళ్ళూ అడ్డు వరసలే అంటారు. మన కన్ను ఏటవాలును ఉన్నదానికంటే తక్కువగా అంచనా వేయడం మామూలే. 60 డిగ్రీలు తిప్పితే కంటికి చేరే అడ్డు ఎడం 1.25కు పడిపోతుంది. అక్కడ నిలువు వరసలు నిలవాలంటే మెదడు ఏటవాలును కనీసం 51 డిగ్రీలుగానైనా చూడాలి. అదే 50 డిగ్రీలు తిప్పినప్పుడైతే 37 డిగ్రీలుగా చూసినా సరిపోతుంది. అందుకే 50 చెప్పాను. ఇంకోవైపు 37 డిగ్రీల దగ్గర ఆపేస్తే కంట్లోని బొమ్మలో రెండు ఎడాలూ సమానమైపోతాయి, అక్కడ ప్రయోగం దేన్నీ తేల్చదు.

రెండో ఇబ్బంది, "ఒక కన్ను మూస్తే అడ్డు వరసలు రావాలి కదా" అనుకోవడం. ట్యూబ్‌లైటు వెలుగులో ఒక కన్ను మూసినా నిలువు వరసలే నిలుస్తాయి. ఒంటి కంటికి కూడా అట్ట అంచులు, నీడ, గుండ్రటి బొట్టు కోడిగుడ్డు ఆకారంలోకి మారడం, తల కదలిక, ఇన్ని ఆధారాలు మిగిలే ఉంటాయి. ఒక కన్ను మూస్తే లోతు పోదు, రెండు కళ్ళతో మాత్రమే వచ్చే ఆధారాలు పోతాయి. వైవాలో ఈ ఒక్క వాక్యం సరిగ్గా చెప్పేవాళ్ళు తక్కువ. ఒక కంటితో కూడా అడ్డు వరసలు రప్పించాలంటే చీకట్లో మెరిసే చిన్న స్టిక్కర్లు అంటించి, గది పూర్తిగా చీకటి చేసి, గడ్డం పుస్తకాల దొంతర మీద ఆనించి, తల కదపకుండా చూడాలి. చేస్తే బాగుంటుంది, కానీ హాస్టల్లో కారిడార్ లైటు తలుపు సందులోంచి వస్తూనే ఉంటుంది. ఫోటో పద్ధతే తేలిక.

మూడోది అడిగే తీరు. "నిలువు వరసలే కదా?" అని అడిగితే అవుననే అంటారు. కాగితం ఇచ్చి, "చుక్కలు ఏ గీతల్లా కనిపిస్తున్నాయో గీయండి" అనండి. సగం మందికి ముందు అట్ట, తర్వాత ఫోటో చూపించండి, మిగతా సగానికి ముందు ఫోటో, తర్వాత అట్ట చూపించండి. మీరు అట్ట తిప్పుతుండగా వాళ్ళు చూడకూడదు, కళ్ళు మూసుకోమనండి. తిప్పడం కళ్ళారా చూశాక ఏటవాలు సంగతి వాళ్ళకు తెలిసిపోయినట్టే.

ఇదంతా చేశాక కూడా "గుంపు కట్టడమంతా లోతు తర్వాతే" అని రికార్డులో రాయకండి. ఈ ప్రయోగం చెప్పేది, లోతు తెలిశాక దాని ప్రకారం గుంపు మారుతుందని మాత్రమే. లోతు తెలియకముందు ఏ గుంపూ లేదని ఇది రుజువు చేయదు. ఎదురు దిశలో నడిచే ఉదాహరణ కూడా ఉంది. అది ఇటలీలో గయెటానో కనిజా 1955లో చూపించిన త్రిభుజం.

కనిజా త్రిభుజం, దాన్ని చెడగొట్టే పద్ధతి

నల్ల కాగితంలో 2 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో మూడు గుండ్రాలు కత్తిరించండి. ఒక్కోదాంట్లోంచి 60 డిగ్రీల ముక్క తీసేయండి. వాటి కేంద్రాలు 8 సెంటీమీటర్ల భుజం ఉన్న సమబాహు త్రిభుజం మూలల్లో ఉండేలా, కోసిన నోళ్ళు లోపలికి తిరిగేలా తెల్ల కాగితం మీద పెట్టండి. మధ్యలో ఎవరూ గీయని తెల్ల త్రిభుజం ఒకటి, చుట్టూ ఉన్న కాగితం కంటే కాస్త తెల్లగా, కాస్త ముందుకొచ్చి కనిపిస్తుంది.

పుస్తకాలు దీన్ని క్లోజర్ కింద వేసి వదిలేస్తాయి. నా దృష్టిలో అది సగం సమాధానమే. ఇక్కడ కోసిన అంచులు ఒకదానికొకటి తిన్నగా సాగుతున్నాయి, అది గెస్టాల్ట్ వాళ్ళు చెప్పిన గుడ్ కంటిన్యుయేషన్. అలా సాగిన అంచు ఒక పలకదని, ఆ పలక నల్ల గుండ్రాలను అడ్డగించిందని మెదడు తీసుకుంటుంది. అది ఇంటర్‌పొజిషన్ అనే డెప్త్ క్యూ. అంటే అంచులు జత కడితేనే అడ్డం అనే మాట వస్తుంది. అడ్డం అనే మాట వస్తేనే త్రిభుజం ముందుకొస్తుంది. ఒకటి లేకుండా రెండోది నిలవదు.

నమ్మకపోతే సన్న నల్ల పెన్నుతో మూడు గుండ్రాల నోళ్ళనూ మూసేయండి. అంటే కోసేసిన చోట వంపు గీత గీసి గుండ్రాన్ని పూర్తి చేయండి. త్రిభుజం చాలావరకు పోతుంది. కోసిన తిన్నని అంచులు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఒక్క మిల్లీమీటరు కూడా జరగలేదు. కానీ ఇప్పుడు గుండ్రం తనంతట తాను పూర్తి బొమ్మ, దాన్ని ఎవరో అడ్డగించారని అనుకునే అవసరం లేదు. ఆ ఊహ పోయేసరికి త్రిభుజం కూడా పోయింది.

ఇంకోటి కూడా చూడండి. గుండ్రాలను మెల్లగా దూరం జరపండి. 8 సెంటీమీటర్ల భుజంలో రెండు మూలల నుంచీ కలిపి 4 సెంటీమీటర్ల అసలు అంచు ఉంది, అంటే సగం. 16కు జరిపితే అసలు అంచు నాలుగో వంతే. త్రిభుజం వెలవెలబోతుంది. ఎక్కడ పోయిందో మనిషి మనిషికీ మారుతుంది, దాన్ని కొలిచి పట్టిక వేస్తే రికార్డులో మంచి పేజీ అవుతుంది.

కదలికతో ఒక డెమో

ఇది రెండు నిమిషాల పని, క్లాసులో చేస్తే అందరూ నోరు తెరుస్తారు. తెల్ల కాగితం నిండా నల్ల స్కెచ్ పెన్నుతో ఇష్టం వచ్చినట్టు చుక్కలు పెట్టండి. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ఫైలు కవరు తీసుకుని, దాని మీద అదే సైజు చుక్కలతో, మార్కర్‌తో, పెద్ద "క" అక్షరం ఆకారం నింపండి. గీత గీయకూడదు, చుక్కలే పెట్టాలి, అదీ కాగితం మీది చుక్కలంత ఎడంగా. కవరును కాగితం మీద పెట్టండి. అక్షరం కనిపించదు. కనిపిస్తుంటే కాగితం మీద ఇంకా చుక్కలు పెట్టండి. ఇప్పుడు కవరును అర సెంటీమీటరు అటూ ఇటూ కదపండి. "క" ఠక్కున లేచి వస్తుంది. ఆపగానే కాసేపట్లో మళ్ళీ కలిసిపోతుంది.

కలిసి కదిలేవన్నీ ఒక గుంపు అనే కామన్ ఫేట్ ఇదే. జాగ్రత్తగా చూస్తే, కదులుతున్నంతసేపూ అక్షరం వేరే పొరలా, కాగితం మీద తేలుతున్నట్టు కూడా ఉంటుంది. గుంపు కట్టడం, పొరలు విడదీయడం ఇక్కడ ఒకే కదలిక చేసే పనులు.

ఇదే సంగతి మెట్రోలో పెద్ద స్థాయిలో కనిపిస్తుంది. కిటికీ పక్కన నిలబడి, మధ్య దూరంలో ఉన్న ఒక వాటర్ ట్యాంకు మీద చూపు నిలపండి. దానికంటే దగ్గరున్న మేడలు, హోర్డింగులు రైలుకు ఎదురు దిశలో పరుగెడతాయి. దానికంటే దూరంగా ఉన్నవి మీతోపాటే వస్తున్నట్టుంటాయి. చూపు ఇంకో దగ్గరి వస్తువు మీదకు మారిస్తే, ఇందాకటి వాటర్ ట్యాంకు కూడా మీతో రావడం మొదలెడుతుంది. మోషన్ పారలాక్స్ రాసేటప్పుడు "దగ్గరవి వేగంగా, దూరపువి మెల్లగా" అని ఆపేయకుండా ఈ దిశ సంగతి కూడా రాయండి. చూపు ఎక్కడ నిలిపామన్నదాని మీద దిశ ఆధారపడుతుంది.

రెండు కళ్ళ సంగతి

పై ప్రయోగాలకు మనుషుల్ని ఎంచుకునే ముందు ఇది చేయించండి. ఒకరు పెన్ను నిటారుగా పట్టుకుంటారు. రెండోవాళ్ళు చెయ్యి పక్కనుంచి తెచ్చి తమ పెన్ను మొనను దాని మొన మీద ఆనించాలి. ముందు ఒక కన్ను మూసి, తర్వాత రెండు కళ్ళూ తెరిచి. ఒక కంటితో చాలామంది ముందుకో వెనక్కో తప్పిపోతారు. రెండు కళ్ళతో కూడా అలాగే తప్పుతుంటే, వాళ్ళకు రెండు కళ్ళ బొమ్మలు కలిసి లోతుగా మారడం తక్కువై ఉండొచ్చు. చిన్నప్పటి మెల్లకన్ను ఉన్నవాళ్ళలో ఇది మామూలే. వాళ్ళ ఫలితాలు విడిగా రాయండి, పారేయకండి. బొట్ల అట్ట వాళ్ళకు ఎలా కనిపించిందో తెలిస్తే, నిలువు వరసలు నిలబడటంలో ఒంటి కంటి ఆధారాల వాటా ఎంతో కొంత తేలుతుంది.

రెండు కళ్ళ మధ్య ఎడం పెద్దవాళ్ళలో సుమారు 6 సెంటీమీటర్ల పైచిలుకు. 6 అనే వేసుకుందాం. వేలిని ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో పట్టి, 3 మీటర్ల దూరంలోని గోడ మీద ఆ వేలు ఎక్కడ పడుతుందో ఒక్కో కన్ను మార్చి చూడండి. లెక్క ప్రకారం వేలు గోడ మీద 6 × 270 ÷ 30, అంటే 54 సెంటీమీటర్లు గెంతాలి. అదే వేలిని 60కి జరిపితే 6 × 240 ÷ 60, 24 సెంటీమీటర్లే. దూరం పెరిగేకొద్దీ ఈ తేడా ఎంత త్వరగా తగ్గిపోతుందో ఇక్కడే తెలుస్తుంది. గోల్కొండ పైన నిలబడి చూసేటప్పుడు గచ్చిబౌలి వైపు టవర్లలో ఏది ముందు, ఏది వెనక అన్నది రెండు కళ్ళ తేడా చెప్పలేదు. అక్కడ పని చేసేది ఒకదాన్ని ఒకటి అడ్డగించడం, దుమ్ములో దూరపువి పాలిపోవడం. వాన కడిగిన సాయంత్రం అవే టవర్లు దగ్గరికొచ్చినట్టుంటాయి.

రెండు కళ్ళ తేడా ఒక్కటే మిగిల్చినా గుంపు కట్టొచ్చని బేలా జులెజ్ 1960లో చూపించాడు. చుక్కల గందరగోళం లాంటి రెండు బొమ్మలు, ఒక్కో కంటికి ఒకటి. విడిగా చూస్తే ఏ ఆకారమూ లేదు. కలిపి చూస్తే మధ్యలో ఒక చదరం తేలుతుంది. ముందు ఆకారాన్ని గుర్తుపట్టి తర్వాత దాని లోతు లెక్కగట్టాలన్న వాదం ఇక్కడ నిలవదు, గుర్తుపట్టడానికి ఒక్కో కంట్లో అసలు ఆకారమే లేదు కాబట్టి. మీ "ముందు ఏది" అన్న ప్రశ్నకు బొట్ల అట్టతో పాటు దీన్ని కూడా రాస్తే చాలు.

రికార్డులో బొట్ల ప్రయోగానికి రెండు పట్టికలు వేయండి. ఒకదాంట్లో కోణం, నిలువు ఎడం, అట్ట మీది అడ్డు ఎడం, కంటికి చేరే అడ్డు ఎడం. రెండోదాంట్లో చూసినవాళ్ళ వారీగా, అట్ట చూసి గీసింది, ఫోటో చూసి గీసింది, ఏది ముందు చూశారు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగే అవకాశం ఎక్కువున్న ప్రశ్న ఒకటుంది: "ఫోటోలో అన్ని డెప్త్ క్యూలూ పోయాయా?" పోలేదు. దూరంగా ఉన్న అంచు వైపు చుక్కలు కాస్త చిన్నగా, కాస్త ఇరుకుగా ఉంటాయి, మీటరున్నర దూరంలో తేడా 6 శాతం దాకా వస్తుంది. ఫోటో చూసి కూడా కొందరు నిలువు వరసలు గీశారంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. ఫోనును ఇంకా వెనక్కి జరిపి, జూమ్ చేసి తీస్తే ఆ తేడా ఇంకా తగ్గుతుంది.